కుడి నుంచి మొదలైన చార్టు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అవ్వ అనేది. ఆ మాట అబద్ధమని నేనెన్నడూ వాదించలేదు. వాదిస్తే ఇంకాస్త కోపం వచ్చేది, ఆమె మాటే నిజమయ్యేది. అయితే ఆ కోపం ఒక్కసారి నాకు అన్నం పెట్టింది, పరువు నిలిపింది. లక్సెట్టిపేట హైస్కూల్లో ఒక గోడ మీద కొన్నేళ్లపాటు వేలాడిన గుడ్డ చార్టు సంగతి ఇది. ఇప్పుడు తలచుకున్నా నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు?

విశాలాంధ్ర వచ్చి కొన్నేళ్లయిన రోజులు. ఆ బడిలో సంస్కృతం చెప్పడానికి నన్ను తాత్కాలికంగా వేశారు. మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా బాపు మగ్గం నేసేవాడు. కరీంనగర్‌లో ఒక ముసలి పంతులు తన అరుగు మీద, వచ్చినవాళ్లందరికీ సంస్కృతం చెప్పేవాడు. ఏ ఇంటివాళ్లు అని అడిగేవాడు కాదు, నిన్నటి పాఠం వచ్చిందా అని మాత్రం అడిగేవాడు. బాపు చీరలు అమ్మడానికి పట్నం పోయినప్పుడల్లా నన్ను ఆ అరుగు మీద దింపిపోయేవాడు. అట్లా మొదలైన చదువు పండిట్ పరీక్ష దాకా వచ్చింది. "మగ్గమింటి పొల్లకు సంస్కృతమెందుకు, మంత్రాలు సదువుతదా?" అని చుట్టాలు ఎకసెక్కాలాడితే, బాపు నవ్వి ఊరుకునేవాడు. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు మాత్రం దాన్ని జేబులో పెట్టుకుని, ఏ పనీ లేకుండానే ఆ చుట్టాల ఇళ్లన్నీ తిరిగి వచ్చాడు.

బడిలో నాకంత ఆదరణ దొరకలేదు. హెడ్‌మాస్టర్ లెక్కల మనిషి. చెడ్డవాడేమీ కాదు, కానీ ఆయన దృష్టిలో సంస్కృతం అంటే లెక్కలకు రావలసిన ఒక పీరియడును మింగేసేది.

"టీచరమ్మా, వీళ్లల్ల సగం మంది రేపు బొగ్గు బాయిలకు పోయేటోళ్లు, సగం మంది ఎవుసం చేసేటోళ్లు. వీళ్లకు ధాతువులేంది, లకారాలేంది? ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తుండు. ఆయన సూసి బాగున్నదంటే నడిపిద్దాం. లేదంటే వచ్చే ఏడు నుంచి ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చేద్దాం" అన్నాడు.

పీరియడ్ పోతే నేనూ పోతాను. సంచీ సర్దుకుని ఊరికి తిరిగివెళితే, ఉద్యోగం కాగితం చూసిన చుట్టాలు ఈసారి వరుసగా మా ఇంటికే వస్తారు. బాపు వాళ్ల ముందు తల వంచుకుని కూర్చున్నట్టు ఊహించుకుంటేనే నాకు ఒళ్లు మండింది.

నా క్లాసు ఎట్లా ఉండేదో కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో సంస్కృతం తీసుకున్న పిల్లలు గొంతెత్తి పాడేవాళ్లు. "పఠతి, పఠతః, పఠంతి. పఠసి, పఠథః, పఠథ. పఠామి, పఠావః, పఠామః." వినడానికి ఇంపుగా ఉండేది. వరండాలో నడిచేవాళ్లు ఆగి వినేవాళ్లు. కానీ పాట మధ్యలో ఆపి, "వాళ్లిద్దరూ చదువుతున్నారు, దీన్నేమంటారు?" అని అడిగితే, పిల్లలు మళ్లీ మొదటి నుంచి పాట అందుకునేవాళ్లు, ఎక్కడ ఆగాలో తెలియక చివరిదాకా వెళ్లిపోయేవాళ్లు. చిలక పలుకులంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

అందరూ పాడుతుంటే ఒక పిల్ల పెదవులు మాత్రం కదిపేది. తండ్రిది బెల్లంపల్లి బొగ్గు బాయిలో, అదే గనిలో, పని. పిల్ల ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ఒకరోజు పక్కకు పిలిచి ఎందుకు పాడవని అడిగితే, "పాటల ఎన్కబడిపోత టీచర్. ఒకటి ఏందో ఆలోచన చేసేసరికి వాళ్లు మూడు దాటిపోతరు" అంది. ఆ పిల్లకు సంస్కృతం రాదని బడంతా అనుకునేది. నేనూ సగం అట్లాగే అనుకుంటూ ఉన్నాను.

అప్పుడు నాకు చార్టు ఆలోచన వచ్చింది. మగ్గమింట్లో పుట్టినదాన్ని కాబట్టి నా బుర్రకు అంతా పడుగు పేకల్లోనే తోస్తుంది. పడుగు ఒకసారి ఎక్కిస్తే పేక మారుస్తూ ఎన్ని రకాలైనా నేయొచ్చు. ఇదీ అంతే. ప్రత్యయాలు తొమ్మిది. తి, తః, అంతి. సి, థః, థ. మి, వః, మః. ఇవి గోడ మీద ఎప్పుడూ ఉంటాయి. ముందు పెట్టే మాట మారుతూ ఉంటుంది. పఠ్ అనే ధాతువుకు ఒక అకారం చేరితే పఠ అవుతుంది. వద్ అయితే వద, లిఖ్ అయితే లిఖ. గమ్, దృశ్, పా, స్థా లాంటి కొన్ని మొండి ధాతువులు వర్తమానానికి వచ్చేసరికి వేషం మార్చేస్తాయి: గచ్ఛ, పశ్య, పిబ, తిష్ఠ. ఈ మాటలన్నీ పలకల మీద రాసి పిల్లల చేతికిస్తాను. పిల్ల తన పలకను చార్టులో ఏ గడి ముందు ఆనిస్తే ఆ మాట పుడుతుంది. పిబ పలకను 'తి' ముందు పెడితే పిబతి, అతను తాగుతున్నాడు. 'అంతి' ముందు పెడితే రెండు అకారాలు ఒకటైపోయి పిబంతి, వాళ్లు తాగుతున్నారు. చివరి వరుసలోని మి, వః, మః దగ్గరికొస్తే మాత్రం పలక చివరి అకారానికి దీర్ఘం వస్తుంది: పిబామి, పిబావః, పిబామః. అందుకని ఆ వరుస ఎర్ర రంగులో రాయించాలనుకున్నాను. ఎరుపు కనిపిస్తే దీర్ఘం గుర్తుకు రావాలి.

బాపుకు కబురు పెడితే, దుప్పటంత వెడల్పున మందమైన నూలు గుడ్డ నేసి, గంజి పెట్టి, తనే బస్సులో పట్టుకొచ్చాడు. "గోడకు ఏలాడేసేదని జర గట్టిగ నేసిన బిడ్డా. పదేండ్లయినా చిరగదు" అన్నాడు. బడి లోపలికి రమ్మంటే రాలేదు. కిటికీలోంచి నా క్లాసు గది చూసి, ఏ గోడకు వేలాడేస్తావో చూపించమన్నాడు. చూపించాను. తృప్తిగా తలూపి అదే బస్సుకు వెళ్లిపోయాడు.

ఇక రాయించడం. బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక పెయింటర్ చాచా కొట్టు ఉండేది. హైదరాబాద్ స్టేటు రోజుల్లో తాలూకా కచేరీకి ఉర్దూ బోర్డు రాసింది ఆయనే. పోలీస్ యాక్షన్ తర్వాత అదే కచేరీకి తెలుగు బోర్డు రాసిందీ ఆయనే. ఆయన తెలుగు అక్షరాలు ముత్యాల్లా గుండ్రంగా ఉండేవి. ఏ బోర్డు రాసినా కింద మూల తన పేరు చిన్నగా ఉర్దూలో రాసుకునేవాడు. లారీ వెనక రాసినా, మిఠాయి దుకాణానికి రాసినా ఆ సంతకం తప్పేది కాదు.

నా దగ్గర ఉన్నది సన్నటి కాగితం ముక్క. దాని మీద తొమ్మిది ప్రత్యయాలు ఒకదాని కింద ఒకటి రాసిచ్చి, "చాచా, ఇవి మూడు మూడు చొప్పున మూడు వరుసలు రావాలి. పైన ఏకవచనం, ద్వివచనం, బహువచనం అని శీర్షికలు. ఆఖరి వరుస ఎర్ర రంగు" అని చెప్పాను.

చాచా కాగితం చూసి అడిగాడు. "ఒక్కరు, ఇద్దరు, శానమంది. గంతేనా అమ్మా?"

"అంతే."

"ముందుగాల వాడు, ఎన్కసీరి నువ్వు, ఆఖరుకు నేను. గంతేనా?"

"అవును చాచా. మీకెట్లా తెలుసు?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నాకు సమజైంది. గిది నాకు చిన్నప్పటి సంది ఎరుకే" అని ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వుకు నేను పెద్ద విలువ ఇవ్వలేదు. వరుస సరిగ్గానే చెప్పాడు కదా అని నిశ్చింతగా వచ్చేశాను.

ఇన్‌స్పెక్టర్ ఎల్లుండి వస్తాడనగా చార్టు చేతికొచ్చింది. బడిలో, హెడ్‌మాస్టర్ ఎదుటే విప్పాను. అక్షరాలు కళ్లకద్దుకునేలా ఉన్నాయి. నల్లటి వరుసలు రెండు, ఎర్రటి వరుస ఒకటి. గీతలు దారం పట్టి గీసినట్టు ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. కానీ ఏకవచనం కుడి చివరన ఉంది! మధ్యలో ద్వివచనం, ఎడమ చివరన బహువచనం. తి, సి, మి మూడూ కుడివైపు అంచు పట్టుకుని నిలబడ్డాయి. ఎడమ నుంచి చదివితే, "అంతి, తః, తి".

హెడ్‌మాస్టర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "టీచరమ్మా, మీ సంస్కృతం ఉర్దూ లెక్క కుడి దిక్కుకెంచి నడుస్తున్నది! మడత పెట్టి బీరువాల ఏసెయ్యుండ్రి. సాబ్ సూస్తే పరేషానే."

నేను ఆ గుడ్డను చుట్టి చంకలో పెట్టుకుని, మధ్యాహ్నపు ఎండలో పెయింటర్ కొట్టుకు వెళ్లాను. దారిలో ఎవరైనా పలకరించి ఉంటే వాళ్ల పని అయిపోయేది.

"చాచా, ఇదేంటి? మొత్తం తిరగేసి రాశారు!"

చాచా కుంచె కింద పెట్టి, చార్టును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. "తప్పేడున్నదమ్మా? గర్దాన్ గిట్లనే ఉంటది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు ఉస్తాద్ దగ్గర అరబీ చదివాడట. అక్కడా క్రియలకు ఇట్లాంటి పట్టికే. దాన్ని గర్దాన్ అంటారు. అక్కడా ఒక్కరు, ఇద్దరు, చాలామంది: వాహిద్, తస్నియా, జమా. అక్కడా ముందు ఎదుట లేనివాడు, గాయబ్. తర్వాత ఎదుట ఉన్నవాడు, హాజిర్. ఆఖరున మాట్లాడేవాడు, ముతకల్లిమ్. ఉస్తాద్ బెత్తం పట్టుకుని నిలబడితే పిల్లలంతా ఊగుతూ చదివేవాళ్లట. ఆయన కళ్లు మూసుకుని, "ఫఅల, ఫఅలా, ఫఅలూ" అని ఊగడం మొదలుపెట్టాడు. నా క్లాసు పాడినట్టే ఉంది! నా కోపం ఒక్కసారిగా ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

"మాకు ఒక్కటే తక్కువ బిడ్డా. 'నేను' కాడికి వచ్చేసరికి ఇద్దరు లేరు. నేను, మేము, గంతే. మీకు 'మేమిద్దరం' సుత ఉన్నది. మీ గర్దాన్ పెద్దది" అన్నాడు. ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు.

నేను ఎడమ నుంచి మొదలు కావాలని చెప్పాక ఆయన ముఖం చిన్నబోయింది. నూనె పోసి తుడుస్తానన్నాడు. తుడిస్తే గుడ్డంతా మరకలవుతుంది. బాపు నేసిన గుడ్డ ఒక్కటే, ఇంకోటి నేయడానికి సమయం లేదు. "ఎన్కకు తిప్పి సూద్దాం" అని తిప్పాడు. రంగు అవతలికి ఊరి, వెనక నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఏకవచనం ఎడమకు వచ్చేసింది, వరుస చక్కగా కుదిరింది. కానీ అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఆయనే నవ్వాడు, తర్వాత నేను. అప్పుడే గమనించాను, కింద మూల ఆయన సంతకం లేదు.

"సంతకం పెట్టలేదే?"

"నువ్వు సూసి బాగున్నదంటే పెడదామనుకున్న. ఇగ ఏం పెడుతనమ్మా, తప్పు రాసినంక."

ఆ మాట నాకు గుచ్చుకుంది. చార్టు చుట్టి మళ్లీ చంకలో పెట్టుకున్నాను. తప్పు రాయలేదు, కుడి నుంచి రాశాడు, అంతే. బడికి తిరిగి వచ్చేసరికి నా కోపం పట్టుదలగా మారింది. బీరువాలో పెట్టమన్న చార్టును తీసుకెళ్లి, బాపుకు చూపించిన గోడకే వేలాడదీశాను.

మర్నాడు పిల్లలు దాన్ని చూసి పాట అందుకున్నారు. "పఠంతి, పఠతః..." అని ఎడమ నుంచి పాడబోయి తడబడి ఆగిపోయారు. కళ్లు ఒకవైపు లాగుతుంటే, నోరు ఇంకోవైపు లాగుతోంది. గదిలో గందరగోళం.

"పాట బంద్" అన్నాను. "ఇవాళ ఎవరూ పాడొద్దు. రెండే ప్రశ్నలు. ఎవరు? ఎందరు? ఎవరో తెలిస్తే ఏ వరుసో తెలుస్తుంది. ఎందరో తెలిస్తే ఏ నిలువో తెలుస్తుంది. రెండూ కలిసిన గడి దగ్గర పలక ఆనించండి."

ఒక పిల్లవాణ్ని తలుపు బయట నిలబెట్టాను. వాడు ఎదుట లేనివాడు. ఇద్దరిని పంపితే వాళ్లిద్దరు, ముగ్గురిని పంపితే వాళ్లు. లోపల ఎదురుగా నిలబడ్డవాళ్లు నువ్వు, మీరిద్దరు, మీరు. పలక పట్టుకున్నవాళ్లు తమ గుండె మీద చెయ్యి పెట్టుకుంటే నేను, మేమిద్దరం, మేము. బయట నిలబడ్డవాళ్లకు అదొక ఆట. మాటిమాటికీ కిటికీలోంచి తొంగి చూసి, "మేం ఇంకా గాయబేనా టీచర్?" అని అరిచేవాళ్లు. చాచా మాట నేనే వాళ్లకు చెప్పాను మరి.

పాటలో ఎప్పుడూ ముందుండే పిల్లలు గడి గడికీ తప్పిపోతున్నారు. వెనక బెంచీలోని బెల్లంపల్లి పిల్ల మాత్రం లేచి నిలబడింది. 'గచ్ఛ' పలక తీసుకుంది. "మీరిద్దరు పోతున్నారు" అన్నాను. ఆమె తనలో తాను "ఎవరు... మీరు. ఎందరు... ఇద్దరు" అని గొణుక్కుని, మధ్య వరుస మధ్య గడి ముందు పలక పెట్టింది. "గచ్ఛథః." "మేము నిలబడి ఉన్నాం" అన్నాను. పలక మార్చి ఎర్ర వరుసకు వెళ్లింది. ఎడమ చివర ఆగి, ఎరుపు వంక చూసి, "తిష్ఠామః" అంది. దీర్ఘం పెట్టింది! గదిలో ఎవరూ పాడటం లేదు కాబట్టి ఆమె గొంతు మొదటిసారి అందరికీ వినపడింది. నా కళ్లు చెమర్చాయి. బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

ఇన్‌స్పెక్టర్ ఆదిలాబాద్ నుంచి జీపులో వచ్చాడు. పెద్ద మనిషి, నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. గదిలో అడుగుపెట్టగానే చార్టు ముందు నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదల్లేదు. హెడ్‌మాస్టర్ గొంతు సవరించుకుని, "సర్, అది పెయింటర్ చేసిన పొరపాటు. తీసెయ్యమని నేను..." అని మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

ముందు బెంచీలో, మా పాటగాళ్లలో మొదటివాణ్ని లేపి, "అతను చూస్తున్నాడు" అన్నాడు. వాడికి కంగారులో పాత అలవాటు పైకొచ్చింది. పరుగెత్తి ఎడమ చివర గడి మీద చెయ్యి పెట్టి, "పశ్యంతి" అన్నాడు. హెడ్‌మాస్టర్ నా వైపు చూశాడు. ఆ చూపులో లెక్కల పీరియడ్ కనిపించింది. బాపు, చుట్టాలు, సంచీ, బస్సు అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి.

వెనక నుంచి చెయ్యి లేచింది. "సర్, ఆడు పాట పాడిండు. నేను చెప్తా. ఎవరు, అతను. ఎందరు, ఒక్కడు. పశ్యతి."

ఇన్‌స్పెక్టర్ ఆమెను దగ్గరికి పిలిచాడు. చార్టు చూసి చెబుతోందనుకున్నాడేమో, దాన్ని కింది నుంచి పైకి చుట్టి కట్టేయమన్నాడు. గోడ బోసిపోయింది. "వస్ అంటే నివసించడం. మీ చార్టు మీదా, పలకల మీదా లేదు కదా? 'మేమిద్దరం ఉంటున్నాం.' చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల ఖాళీ గోడను చూసింది. అక్కడ చార్టు ఉన్నట్టే చెయ్యి ఎత్తి, కింది వరుస దాకా దించి, మధ్యకు తెచ్చింది. "వస్, వస... 'నేను' దిక్కు ఎర్ర వరుస, దీర్ఘం... ఇద్దరు... వసావః."

"వాళ్లు ఉంటున్నారు?"

చెయ్యి పై వరుసకు పోయి ఎడమ చివరకు జరిగింది. "వసంతి."

"నువ్వు ఉంటున్నావు?"

"వససి" అని చెప్పి, కుడివైపు చెయ్యి అట్లాగే ఉంచి నిలబడింది. బాయిలో బొగ్గు తవ్వే మనిషి బిడ్డ, ఖాళీ గోడ మీద లేని గడులను వేలితో చూపిస్తుంటే, నాకు ఎంత గర్వమేసిందో. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఇన్‌స్పెక్టర్ చార్టు విప్పించి నన్ను అడిగాడు. "కుడి నుంచి ఎందుకు రాయించినవమ్మా?"

పెయింటర్ మీదికి నెట్టేయడం సులువు. హెడ్‌మాస్టర్ అప్పటికే దారి చూపించాడు కూడా. "మా పెయింటర్ చాచా గర్దాన్ చదువుకున్న మనిషి సార్. ఇది క్రియల పట్టిక అని చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడు కాబట్టే కుడి నుంచి రాశాడు. దీనివల్ల మా పిల్లలకు పాట పోయి పాఠం వచ్చింది. నేనిది మార్చను" అన్నాను. ఆఖరి మాట కొంచెం గట్టిగానే వచ్చింది. తాత్కాలిక టీచరు అనవలసిన మాట కాదు.

ఇన్‌స్పెక్టర్ తరం వాళ్లంతా ఉర్దూలో చదువుకున్నవాళ్లేనన్న సంగతి నాకు ఆ క్షణాన గుర్తు లేదు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ, "వాహిద్, తస్నియా, జమా" అని తనలో తాను చదివి, ఫక్కున నవ్వాడు. "నేను సుత గిట్లనే నేర్చుకున్ననమ్మా. మా మౌల్వీ సాబ్ యాదికొచ్చిండు" అన్నాడు. ఆ తర్వాత హెడ్‌మాస్టర్ వైపు తిరిగి, "గీ క్లాసు నడవాలె. నేను అట్లనే రాస్త. గీ చార్టు సుత ఏడికీ తియ్యొద్దు" అన్నాడు. హెడ్‌మాస్టర్ "అట్లనే సర్" అన్నాడు. ఆయన మంచితనం ఏమిటంటే, మర్నాటి నుంచి బడికి ఎవరొచ్చినా ముందు ఆ చార్టు దగ్గరికే తీసుకొచ్చి, అది తన ఆలోచనే అన్నట్టు చూపించేవాడు.

ఆ వారంలోనే చాచాను బడికి పిలిచాను. "నేనా, సంస్కృతం క్లాసుకా?" అని మొదట జంకాడు. చివరకు ఉతికిన షేర్వాణీ వేసుకుని, చిన్న డబ్బాలో రంగు, సన్న కుంచె పట్టుకుని వచ్చాడు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. సంతకం పెట్టాల్సిందేనని చెప్పాను. ఆయన చార్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కింద మూల తన పేరు రాయడం మొదలుపెట్టాడు. కుడి నుంచి ఎడమకు, తొందర లేకుండా.

గదంతా ఆ కుంచెనే చూస్తోంది. బెల్లంపల్లి పిల్ల నెమ్మదిగా అంది. "లిఖతి."

చాచా కుంచె ఆపి తిరిగి చూశాడు. "ఏమంటున్నది టీచరమ్మా పిల్ల?"

"'అతను రాస్తున్నాడు' అంటోంది చాచా."

"అతనా? గాయబ్ చేసినవా నన్ను? ఎదురుంగనే ఉన్న గద బిడ్డా!"

పిల్లలు గొల్లుమన్నారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఒకడుగు ముందుకొచ్చి చాచా ఎదుట నిలబడింది. చార్టు వైపు చూడనే లేదు.

"లిఖసి" అంది. "నువ్వు రాస్తున్నవు."

చాచా తలూపి, మిగిలిన సంతకం పూర్తి చేశాడు.